చెల్లె గీసిన వార్డు

మా పాత ఆడవాళ్ల వార్డులో నర్సు బల్ల తలుపు దగ్గర ఉండేది. అక్కడ కూర్చుంటే మొదటి నాలుగైదు మంచాలు కనిపించేవి. ఆ తర్వాత ఒక లావు స్తంభం. దాని వెనక ఎవరు ఎట్లా ఉన్నారో లేచి వెళ్తేనే తెలిసేది. ఒక మధ్యాహ్నం ఆ స్తంభం వెనక మంచంలో, గర్భసంచి ఆపరేషన్ అయిన ఒక నేతగాని భార్య నెత్తురు పోతున్నా సిగ్గుపడి ఎవరినీ పిలవలేదు. దుప్పటి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకుంది. పక్క మంచం ఆవిడ నేల మీద మరక చూసి కేక వేస్తే నేను పరుగెత్తాను. ఆమె బతికింది. కానీ ఆనాటి నుంచి ఆ స్తంభాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

అది షోలాపూర్ భవాని పేట్‌లో మా నేతవాళ్ల సమాజం నడిపే ట్రస్టు దవాఖానా. నేను అక్కడ ఆ వార్డుకు పెద్ద సిస్టర్‌ను. ఏనాటి సంగతి ఆనాడే డైరీలో రాసుకోవడం చిన్ననాటి అలవాటు కనుక, ఎనభైల చివర జరిగిన ఈ విషయం నాకు వరసగానే గుర్తుంది. ఎవరేం అన్నారో గుర్తుంది. ఎవరి మాటకు ఎవరు తలూపారో అది ఇంకా బాగా గుర్తుంది.

ట్రస్టు అధ్యక్షుడిని అందరూ మాలక్ అనేవారు. ఆయన తండ్రి కాలంనాటి పవర్‌లూమ్ కార్ఖానా ఒకటి దవాఖానా వెనక సందులో మూతపడి ఉంది. మగ్గాలు అమ్మేశారు. పొడుగాటి హాలు, పైన రంపపు పళ్లలాంటి కప్పు, అందులోంచి పడే చల్లని వెలుతురు మిగిలాయి. దాన్ని ఆడవాళ్ల కొత్త వార్డు చేయమని మాలక్ ట్రస్టుకు రాసిచ్చాడు. గోడలు, కప్పు, నీళ్లు, కరెంటు చూసుకోవడానికి ఒక ఇంజనీరు ఉన్నాడు. అయితే మంచాలెక్కడ, బల్లెక్కడ, ఏ తలుపులోంచి ఏది రావాలి అనేది పని చేసేవాళ్లే చెప్పాలని ట్రస్టు కార్యదర్శి అన్నాడు. మంచి మాటే. ఆ తర్వాతి మాటే నాకు గుచ్చుకుంది.

"మీరిద్దరు సిస్టర్లు చెరొకటి ఆలోచన చేసి చెప్పుండ్రి. ఎవరిది ఖాయం చేస్తే వాళ్లే కొత్త వార్డుకు ఇన్‌ఛార్జి," అన్నాడు.

రెండో సిస్టర్ నాకంటే చాలా చిన్నది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ పిల్ల. తల్లి బీడీలు చుట్టి చదివించింది. నేను చదివిన చోటే ఎన్నో ఏళ్ల తర్వాత నర్సింగ్ చదివింది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఇద్దరివీ ఒకే తెలుగు జిల్లా నుంచి వలస వచ్చిన ఇండ్లే కనుక ఆ వరస సులువుగా కుదిరింది. ఆ వరస కుదిరినంత సులువుగా మనసు కుదరలేదు, నా వైపు నుంచి.

ఎందుకంటే ఆమెను అందరూ కోరుకునేవారు. ఇంజెక్షన్ నేనిస్తే నొప్పి, ఆమె ఇస్తే లేదు. నేను పక్క మారిస్తే "నెమ్మదిగ బాయీ" అనేవాళ్లు, ఆమె మారిస్తే ఇంట్లో కూతురు మార్చినట్టు తల నిమిరేవాళ్లు. మా అత్తమ్మ కాలు విరిగి మా వార్డులోనే పడుకుంటే, కోడలిని నేను ఎదురుగా నిలబడి ఉండగా, "ఆ నవ్వే పిల్ల ఎప్పుడొస్తది?" అని అడిగింది. ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకు చెబితే ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే ఈ పోటీలో నేనే గెలవాలనుకున్నాను. నేను సీనియర్‌ను, స్తంభం వెనక నెత్తురు చూసినదాన్ని. ఆ వార్డు నాది కావాలి.

నా ఆలోచన సూటిగా ఉంది. హాలు తూర్పు కొసన కార్ఖానా పెద్ద తలుపు ఉంది. నర్సు బల్ల అక్కడే. రెండు పక్కలా మంచాలు వరసగా, తలలు గోడకు, కాళ్లు నడవకు. స్తంభాల్లేవు కనుక కొస దాకా కనిపిస్తుంది. తలుపు దగ్గర నేనుంటే ఎవరు లోపలికి వస్తున్నారో చూడొచ్చు. మా పేటలో ఒకరు దవాఖానాలో చేరితే గల్లీ మొత్తం టిఫిన్ డబ్బాలు పట్టుకొని వస్తుంది. మంచం మీద నలుగురు కూర్చుంటారు, కుట్ల మీద చేయి పెట్టి "ఇక్కడేనా?" అని అడుగుతారు. వాళ్లను ఆపకపోతే పుండ్లకు చీము పట్టడం ఆగదు. ఇదంతా నేను మాలక్‌కు చెప్పినప్పుడు ఆయన, "బరోబర్, కార్ఖానాల పని చూసే ముకద్దం కుర్చీ గూడ తలుపు కాడనే ఉండేది," అన్నాడు. ఆ మాట పట్టుకొని నేను ఒక వారం సంతోషంగా ఉన్నాను.

చెల్లె ఏం ఆలోచిస్తోందో చెప్పలేదు. అడిగితే, "ఏమున్నది అక్కా, నాకు కాగితం మీద తెలియది. నేల మీద గీస్తే తెలుస్తది," అంది.

అది మా వాళ్ల పద్ధతే. కొత్త షెడ్డులో మగ్గాలు దించే ముందు సుద్దతో నేల మీద గీస్తారు. ఈ మగ్గం ఇక్కడ, పట్టా ఇటు, మనిషి నిలబడే జాగా ఇది అని. గీతల మధ్య నడిచి చూసి, మోచేయి తగిలితే చెరిపి మళ్లీ గీస్తారు. వార్డును కూడా అట్లాగే చూద్దామని కార్యదర్శి ఒప్పుకున్నాడు. కార్ఖానాలు మూసే సెలవు రోజున అందరం ఆ హాల్లో కలిశాం. మాలక్, ఆయన భార్య, కార్యదర్శి, నేను, చెల్లె. పేషెంట్ల బదులు పడుకోవడానికి చెల్లె తన తల్లి గల్లీ నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లను ఒక గుంపుగా తీసుకొచ్చింది. వాళ్లు వచ్చేసరికి ఆ హాలు పెండ్లి ఇల్లయిపోయింది.

"ఏందే, ఉట్టిగ పండుకుంటే పైసలిస్తరా?" అని ఒకామె.

"నీకు ఇంట్ల పండుకోనీకె తీరదని ఈడికి తోలుకొచ్చిన, పండుకో," అంది చెల్లె.

"అగం బాయీ, నాకు రోగం లేదు, ముందే చెప్తున్న. మళ్ల సూది గుచ్చకుండ్రి!"

ముందు నా పద్ధతి చూశారు. సుద్ద గీతల మీద చాపలు పరిచి ఆడవాళ్లు పడుకున్నారు. నేను తూర్పు తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. కార్యదర్శి, "సిస్టర్, అందరు కనవడుతున్నరా?" అని అరిచాడు. కనబడుతున్నారు. అందరి పాదాలూ కనబడుతున్నాయి. చివరి చాపల మీద ఎవరు నవ్వుతున్నారో, ఎవరు కళ్లు మూసుకున్నారో మాత్రం తెలియలేదు. ఆ మాట నేను అనలేదు.

మాలక్ తన నౌకరు చేత ఒక మూట తెప్పించాడు. అందులో మా ఊరి పేరు చెప్పుకొని బతికే మందపు చాదర్లు, కొత్తవి, నెమళ్ల డిజైను, అంచులో ఆయన తల్లి పేరు నేసి ఉంది. "మంచం మంచానికి ఇవే పర్దాలు. నా కొత్త కార్ఖానా మగ్గాల మీదనే నేసి ఇస్త. మా అమ్మ పేరు మీద," అన్నాడు. తాడు కట్టి నాలుగు చాదర్లు వేలాడదీశారు.

మూడో మంచం దగ్గర చాదర్ దిగగానే నాకు దాని వెనక వరసంతా మాయమైంది. కుర్చీలోంచి చూస్తే నెమళ్లే. ఆ స్తంభం మళ్లీ వచ్చి నిలబడినట్టు అనిపించింది. ఈసారి దాన్ని నేనే పెట్టుకున్నాను.

"ఇంక చెల్లెది చూద్దాం," అన్నాడు కార్యదర్శి.

చెల్లె కొంగు నడుముకు దోపి, సుద్దముక్కతో కూర్చుంది. తూర్పు తలుపును వదిలేసింది. హాలుకు పొడుగాటి గోడలు రెండు. సందువైపు గోడకు సరిగ్గా నడిమధ్య నర్సు బల్ల గీసింది. మంచాలన్నీ ఎదుటి గోడవైపు. వాటిని ఒక్క వరసగా కాకుండా నాలుగు నాలుగు మంచాల గదుల్లాగా విడదీసింది. గదులకు ముందువైపు గోడ లేదు. గదికీ గదికీ మధ్య మాత్రం అడ్డుగోడ. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు అటు కొస, ఇటు కొస రెండూ సగం దూరమే.

"ఈడ కూసుంటే మెడ ఇట్ల తిప్పితే సగం, అట్ల తిప్పితే సగం. మొకాలు కనవడాలె అక్కా, కాళ్లు గాదు. మనిషికి ఏమైందో మొకమే చెప్తది," అంది.

అందరూ తలలూపారు. మాలక్ భార్య కూడా. ఆ మాట నేనెందుకు అనలేదు? స్తంభం వెనక గోడవైపు తిరిగిన ఆ ముఖాన్ని చూసింది నేను కదా!

నేను ఊరుకోలేదు. తప్పు పట్టాలంటే పట్టే చదువు, అనుభవం నాకున్నాయి. ఒక్కొక్కటీ బయటికి తీశాను.

"మంచాలు కాళ్లు ఇటు పెట్టి గీసినవు," అన్నాను. "కాన్పయినామెను డాక్టరు చూడాలె. కుట్లు చూడాలె. కాళ్లు బల్లవైపు, సందు కిటికీలవైపు ఉంటే ఆమె మానం ఏంగాను? పర్దా జర పక్కకు జరిగినా సందులకు కనవడతది."

ఆడవాళ్లంతా చాపల మీద లేచి కూర్చున్నారు. "అవును గదా!" అని కొంగులు సర్దుకున్నారు. నాకు కొంచెం ఊపిరాడింది.

చెల్లె తన గీతలను కాసేపు చూసింది. తర్వాత అరచేత్తో చెరిపింది. మంచాలను అడ్డంగా తిప్పి గీసింది. తలలు అడ్డుగోడలకు, గదిలో ఇటు రెండు అటు రెండు, కాళ్లు గది మధ్యలోకి. ఇప్పుడు ఎవరి కాళ్లూ బల్లవైపు లేవు. పక్కనుంచి ముఖం కనబడుతుంది. కిటికీ వెలుతురు కూడా కళ్లలో కాకుండా పక్క నుంచి పడుతుంది.

"మస్తు చెప్పినవ్ అక్కా!" అంది, మనస్ఫూర్తిగా. ఆమె మనస్ఫూర్తి అంటేనే నాకు సహించేది కాదు.

"అయితే అడ్డుగోడ అవతల తల పెట్టుకున్నామె నీకెట్ల కనవడుతది?" అన్నాను. ఇద్దరు ఆడవాళ్లను నిలబెట్టి, మధ్యలో ఒక చీర పట్టుకోమన్నాను, గోడలాగా. చెల్లె బల్ల దగ్గర కూర్చొని చూసింది. అవతల పడుకున్నామె కనిపించలేదు. ఆమె చీర వెనక నుంచి, "నేను సచ్చిన, ఎవరన్న చూస్తిరా?" అని అరిచింది. అందరూ విరగబడి నవ్వారు.

నేను నవ్వలేదు. చెల్లె కూడా నవ్వలేదు. చీరను పరుపు ఎత్తు దాకా దించమంది. ఆమె ముఖం కనిపించింది. "అడ్డుగోడ గింత ఎత్తే ఇటుకతోటి. పైన అద్దం. ఆమెకు దాపు కావాల్నంటే అద్దం మీద చిన్న పర్దా గుంజుకుంటది, మనకు చూడాల్నంటే తీస్తం," అంది. ఇంజనీరుకు చెప్పడానికి కార్యదర్శి రాసుకున్నాడు. నేను వేసిన ప్రతి రాయినీ ఆమె తన గోడలో పేర్చుకుంటోంది.

అప్పుడు తలుపుల సంగతి వచ్చింది. చెల్లె సందువైపు గోడలో, బల్ల పక్కనే కొత్త తలుపు గీసింది. వచ్చేవాళ్లు మంచాల మధ్య నడవకుండా నేరుగా నర్సు ముందుకే వస్తారు. ఇది నా మనసులోని మాటే. వచ్చేవాళ్లను ఆపాలని చెప్పింది నేనే. ఇప్పుడు అది ఆమె నోట్లో ఇంకా అందంగా వినిపించింది. వాడిన బట్టలు, చీము పట్టిన కట్లు, బెడ్‌పాన్లు మాత్రం తూర్పు తలుపులోంచి బయటికి పోవాలంది. చెత్తబండి వచ్చే రోడ్డు అటే ఉంది కనుక.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు నేను లేచి నిలబడ్డాను.

"మాలక్, విన్నరా? మీ నాయన మొదటి పడుగు లోపలికి తెచ్చి కొబ్బరికాయ కొట్టిన తలుపు ఇదే గదా? దీంట్లకెళ్లి మలమూత్రాల డబ్బాలు పోతయంట."

మాలక్ ముఖం నల్లబడింది. ఆయన భార్య, "నకో నకో, అట్ల ఎట్ల?" అని చెవులు మూసుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు. నేను గెలిచాననే అనుకున్నాను.

చెల్లె సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ హాలు ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచింది. పడమటి కొసన చిన్న దర్వాజా ఉంది. దాని వెనక పెరడు, నూలుకు రంగు ఉడకబెట్టిన పాత భట్టీ, రంగునీళ్లు పోయే మోరీ. ఆమె ఆ పెరట్లోకి వెళ్లి, మోరీలోకి వంగి చూసి వచ్చింది.

"మాలక్, తప్పయింది. తూర్పు తలుపులకెళ్లి అన్నం వస్తది. ఉతికిన బట్టలు, ఆవిరి పట్టిన డ్రెస్సింగు డబ్బాలు వస్తయి. మంచిదే వస్తది, చెడ్డది పోదు. చెడ్డదంత ఆ వెనక దర్వాజల పోతది. ఆడ మోరీ ఉన్నది, బట్టలుడకబెట్టే భట్టీ ఉన్నది. బెడ్‌పాన్లు కడిగే అర్ర ఆడనే. చీము పట్టినోళ్ల గది గూడ ఆడనే, ఆ దర్వాజ పక్కకు. శుద్ధమైంది తూర్పు నుంచి వచ్చి పడమటికి పోతది. వెనుకకు మర్లదు."

మాలక్ కళ్లు తడిశాయి. "మా నాయన తలుపుల అన్నం వస్తదా," అన్నాడు. అంతే. నేను తీసిన కత్తితో ఆమె పండు కోసి ఆయన చేతిలో పెట్టింది.

నిజం చెప్పాలంటే, నర్సుగా చూస్తే ఆ గీతల్లో తప్పు లేదు. మంచి బట్ట వచ్చే దారిలో చెడ్డ బట్ట ఎదురుపడదు. డ్రెస్సింగు రౌండు శుభ్రమైన కుట్లున్నవాళ్ల దగ్గర మొదలై, చీము గదిలో ముగుస్తుంది. అక్కడినుంచి కట్లు అటే బయటికి పోతాయి. ఇంకేమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరికింది.

"చీము గదిల నుంచి నర్సు చేతులు కడుక్కోకుంట కాన్పయినామె కాడికి మర్లి వస్తే నీ తూర్పు పడమర ఏం చేస్తది?" అన్నాను. "చేయి గూడ మర్లి వస్తది గదా."

చెల్లె వెంటనే ఆ గది తలుపు ముందు ఒక చిన్న చతురస్రం గీసింది. మోచేత్తో తిప్పే నల్లా. మళ్లీ బల్ల పక్కన ఇంకొకటి. "అక్క చెప్పిన నల్లాలు," అని పైకి చెప్పింది కూడా. తర్వాత ఆ వార్డు చూడటానికి వచ్చినవాళ్లంతా ఆ నల్లాలను చూసి ఎవరిని మెచ్చుకున్నారో నేను రాయను.

ఇంక మిగిలింది చాదర్లు. అసలు చిక్కు అక్కడే. మధ్యలో వేలాడుతున్న ఆ నెమళ్లను చూసి చెల్లె కొంచెం జంకింది, కానీ అనేసింది.

"మాలక్, చాదర్లు పర్దాలకు పనికిరావు."

"ఏంది?" అన్నాడు ఆయన.

"అమ్మ పేరు నేసిన చాదర్ వద్దంటవా?" కార్యదర్శి కోపంగా అన్నాడు. "షోలాపూర్‌ల ఉండి చాదర్ వద్దంటవా పోరీ?"

ఆడవాళ్లు నవ్వడం మానేశారు. మాలక్ ఒక చాదర్ అంచును పట్టుకొని తల్లి పేరున్న చోట బొటనవేలితో రుద్దుతున్నాడు. ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. ఇక్కడ చెల్లె ఓడితే మొత్తం ఓడుతుంది. ఆయన ఆమె గీతలన్నీ తుడిపించి, తలుపు దగ్గర బల్ల పెట్టించి, నెమళ్లు వేలాడదీస్తాడు. నేను ఇన్‌ఛార్జినవుతాను. దానికి నేను ఒక్క మాట కూడా అనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు.

చెల్లె నావైపు తిరిగింది. "అక్కా, నువ్ జెప్పు. నా మాట ఆయన ఇనడు. నీ మాట ఇంటడు."

అందరి కళ్లూ నా మీద పడ్డాయి. ఆమె మీద నాకున్న మంట అంతా ఇంతా కాదు. ఆ పిలుపులో కూడా ఒక ఎత్తు ఉందేమోనని వెతికాను. లేదు. ఆమెకు నిజంగానే నేను చెబుతానన్న నమ్మకం. ఆ నమ్మకం మీద కూడా నాకు కోపం వచ్చింది.

కానీ నాకు ఆ ముందు వానాకాలం గుర్తొచ్చింది. మా వార్డులో ఒకరి కుట్లకు చీము పట్టి, తర్వాత పక్కామెకు, ఆ తర్వాత ఆ పక్కామెకు పట్టింది. మేము పుండు కడిగిన చేత్తోనే పర్దా లాగి, అదే పర్దాను ఇంకొకరికి లాగేవాళ్లం. పర్దాలను నెలల తరబడి ఉతకలేదు. పచ్చి బాలింత ఒకామె జ్వరంతో పసిబిడ్డకు పాలియ్యలేక ఏడ్చింది. ఆ ఏడుపు నేను వదిలించుకోలేకపోయాను. చాదర్లు వేలాడదీస్తే మళ్లీ అదే వినాలి, అదీ నా వార్డులో.

"మాలక్, పర్దాను రోజంత అందరి చేతులు తాకుతయి," అన్నాను. "చీము తాకిన చేయి గూడ. వారం వారం ఉడకబెట్టాలె. మీ చాదర్ ఉడకబెడితే రంగు నిలుస్తదా? మీరే చెప్పుండ్రి."

ఆయన నేతవాడు. అబద్ధం ఆడలేకపోయాడు. "నిలువది. దిగుతది," అన్నాడు మెల్లగా. "ఎండనీకె గూడ రెండు రోజులు వడతది."

"పల్చటి తెల్ల బట్ట నేసియ్యుండ్రి. పైన పర్దా తగిలించే కమ్మీ కింద జాలీ గుడ్డ పెట్టుండ్రి, గాలి ఆడతది. కింద నేలకు జానెడు పైకి ఆగాలె. ఎవరన్న పడిపోతే కాళ్లు కనవడాలె, నెత్తురు పోతే నేల కనవడాలె. పర్దా మనిషికి దాపు కావాలె, రోగానికి గాదు."

నేనే అన్నాను ఆ మాటలన్నీ. అంటుంటే నా గొంతు స్థిరంగా ఉంది. నా ఇన్‌ఛార్జి పదవిని నా చేత్తోనే చెల్లె ఒడిలో వేస్తున్నానని తెలుస్తూనే ఉంది.

మాలక్ చాదర్ మడత పెట్టుకుంటూ, "ఇద్దరు సిస్టర్లు ఒక్కటే మాటంటే ఇంక నేనెవ్వణ్ణి?" అన్నాడు. మడత పెట్టిన చాదర్‌ను ఛాతీకి హత్తుకొని బయటికి వెళ్లి ఎండలో నిలబడ్డాడు. ఆయన భార్య వెనకే పోయింది.

బీడీల ఆడవాళ్లు చాపలు చుట్టుకుంటూ, "మీ అక్క నీ పక్కకే ఉన్నదే! మస్తు ప్రేమ!" అన్నారు చెల్లెతో. ఆమె, "మరేమనుకున్నరు?" అని నా భుజం మీద చేయి వేసింది. ఆ చేయి బరువు నాకు ఇంకా తెలుసు.

తర్వాతి ట్రస్టు మీటింగులో ఆమె గీతలు ఖాయమయ్యాయి. కార్యదర్శి మమ్మల్ని పిలిపించి, "అన్న మాట ప్రకారం కొత్త వార్డు ఇన్‌ఛార్జి..." అంటూ చెల్లెవైపు చూశాడు.

"నాకొద్దు సాబ్," అంది ఆమె, మధ్యలోనే. "డ్యూటీ చార్టులు, మందుల లెక్కలు, మీ మీటింగులు, నాతోని గాదు. మా అమ్మకు దమ్ము ఎక్కువైంది, తంబాకు వాసన పడ్తలేదు. పొద్దుటి డ్యూటీ ఇస్తే మధ్యాహ్నం ఇంట్ల ఉంట. అక్కకియ్యుండ్రి. అక్కకు ఇసొంటివి బాగ అస్తయి."

ఇసొంటివి. నేను కోరి, ఏడ్చి, నిద్రపోకుండా ఆలోచించిన దాన్ని, ఆమె వాడిన దూదిలాగా బుట్టలో పడేసింది. కార్యదర్శి కళ్లలో ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది. "ఎంత పెద్ద మనసు!" అన్నాడు, నావైపు తిరిగి, నేను కూడా ఒప్పుకోవాలన్నట్టు. ఒప్పుకున్నాను. వద్దనలేదు. నాకు ఆ పదవి కావాలి, ఇచ్చింది ఎవరైనా సరే. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే సంతోషించాడు. ఎట్లా వచ్చిందో ఆయనకు చెప్పలేదు.

వార్డు కట్టారు. గీసినట్టే కట్టారు. తూర్పు తలుపులోంచి అన్నం వచ్చేది, పడమటి దర్వాజాలోంచి మైల పోయేది. తెల్ల పర్దాలు వారం వారం భట్టీలో ఉడికేవి. చీము పట్టడం తగ్గిందని డాక్టర్లు అన్నారు. వేరే ఊళ్ల ట్రస్టులవాళ్లు చూడటానికి వచ్చేవారు. నేను ఇన్‌ఛార్జిని కనుక నేనే తిప్పి చూపించేదాన్ని. అద్దాల గోడ దగ్గరికి రాగానే మా కార్యదర్శి వెనక నుంచి, "ఇది మా విడీ ఘర్కుల్ అమ్మాయి ఆలోచన," అని తప్పకుండా అందించేవాడు.

రిటైరయ్యే దాకా ఆ నడిమధ్య కుర్చీలోనే కూర్చున్నాను. మంచి కుర్చీ. మెడ ఇటు తిప్పితే సగం వార్డు, అటు తిప్పితే సగం. ఒక్క ముఖం దాగదు. ఎవరి పెదవులు ఎండాయో, ఎవరు నొప్పి దాచుకుంటున్నారో అక్కడినుంచే తెలిసేది, ముందే లేచేదాన్ని. ఆ కుర్చీ వల్ల ఎంతమంది బతికారో నాకు తెలుసు. పాత వార్డులో ఉంటే వాళ్లు గోడవైపు తిరిగి ఉండేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున డ్యూటీ మారే ముందు, పశ్చిమం వైపు గదిలో ఒక ముసలి బీడీ కార్మికురాలికి కట్టు మార్చాలి. పర్దా లాగి, ట్రాలీ పెట్టి, చేతులు కడుక్కొని వచ్చాను. ఆమె దుప్పటిని గడ్డం దాకా పట్టుకుంది.

"నువ్వు కాదు బాయీ. ఆ పోరి వస్తది గదా. ఆమెకైతే చూపిస్త."

"నేను ఇన్‌ఛార్జిని అవ్వా. రోజు ఎందరికో చేసేది నేనే."

"అయితేంది? సిగ్గు సిగ్గే గదా. జర ఆగు, వస్తది."

ఆమె కట్టు ఇంకో అరగంట ఆగొచ్చు. అంత తొందరేం లేదు. పర్దా తీయకుండా వదిలేసి, చేతులు కడుక్కొని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. అక్కడినుంచి ఆ ఒక్కటి తప్ప అన్ని మంచాలూ కనిపిస్తున్నాయి. లేచినవాళ్లు, లేవనివాళ్లు, బిడ్డకు పాలిస్తున్నవాళ్లు. అద్దాల అవతలి నుంచి కొందరు నావైపు చూస్తున్నట్టే ఉన్నారు. కాదు, నా పక్కనున్న తలుపువైపు. చెల్లె వచ్చే వేళయింది.